కస్టమర్ ఒక్క కోడ్ మాత్రమే పంపితే ఏం జవాబివ్వాలి?

సపోర్ట్ చాట్ తెరిస్తే CF283A అని మాత్రమే ఉంది. ముందూ వెనకా ఏమీ లేదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, "దయచేసి వివరంగా చెప్పండి" అని పంపడం. డబ్బా మీదున్నది చూసి ఉన్నదున్నట్టు పంపిన మనిషికి ఇంకేం వివరించాలో తోచదు. మాట అక్కడితో ఆగిపోతుంది.

1. ముందు చాట్‌లో పైకి వెళ్లి చూడండి. "మోడల్ నంబర్ పంపండి" అని మీ ఆటోమేటిక్ మెసేజే అడిగి ఉండొచ్చు. ఆ కోడ్ దానికి జవాబే అయితే మళ్లీ మొదటి నుంచి అడగకూడదు.

2. కోడ్‌ను కాపీ చేసి వెతకండి, చూసి టైప్ చేయొద్దు. సున్నాకీ O అక్షరానికీ, 8కీ Bకీ తేడా కళ్లకు సులువుగా చిక్కదు. ఏమీ దొరక్కపోతే ఆ జంటలను మార్చి చూడండి. అప్పటికీ దొరక్కపోతే లేబుల్ ఫొటో అడగండి. అది వస్తువు కోడ్ కాకపోవడమూ ఉంటుంది: 5B00 మోడల్ పేరులా కనిపిస్తుంది గానీ, కొన్ని కెనాన్ ప్రింటర్లలో వృథా ఇంకు పీల్చుకునే ప్యాడ్ నిండిందని చెప్పే ఎర్రర్ అది.

3. మీకు అర్థమైనది ఒక్క వాక్యంలో చెప్పి, ఆపైన ప్రశ్న వేయండి.

"నమస్తే అండి. CF283A అంటే హెచ్‌పీ 83A నలుపు టోనర్ కార్ట్రిడ్జ్. మీకు కొత్తది కావాలా, లేక ఉన్నది పనిచేయడం లేదా? ప్రింటర్ మీదున్న మోడల్ నంబర్ కూడా పంపండి."

మొదటి వాక్యం అనవసరం అనిపించొచ్చు. కానీ కోడ్ తప్పు పడి ఉంటే కస్టమర్ పట్టుకునేది అక్కడే. ప్రశ్నలో రెండు దారులే ఇచ్చాం కాబట్టి "కొత్తది" అన్న ఒక్క మాటతోనూ జవాబివ్వొచ్చు.

మోడల్ ఎందుకంటే, 83A కార్ట్రిడ్జ్ లేజర్‌జెట్ ప్రో M127కీ, M201కీ కూడా సరిపోతుంది. ఎక్కువ పేజీలు వచ్చే 83X మాత్రం M201కే గానీ M127కు కాదు. ప్రింటర్ ఏదో తెలియకుండా "83X కొనండి, లాభం" అని సలహా ఇస్తే ఆ డబ్బా తిరిగి మీ దగ్గరకే వస్తుంది.

4. కోడ్‌కు బదులు మనిషి పేరు ఒక్కటే వస్తే జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. ఆ పేరుతో ఖాతా వెతికి "మీ ఆర్డర్ నిన్న చేరింది కదండీ" అనేయకండి. పేరు ఎవరైనా టైప్ చేయగలరు, పైగా ఒకే పేరుతో పదిమంది ఉంటారు. "నమస్తే అండి, ఏ ఆర్డర్ గురించి? ఆర్డర్ నంబర్ పంపగలరా?" అనండి. మీ సంస్థ నియమం ప్రకారం ఎవరో నిర్ధారించుకునే వరకు ఖాతాలోది ఏదీ, చివరకు ఖాతా ఉందన్న సంగతి కూడా బయటపెట్టొద్దు.

5. జవాబు రాకపోతే ఒకే ఒక్కసారి గుర్తుచేయండి, అదే ప్రశ్నను ఇంకా చిన్నదిగా చేసి. టికెట్ మూసేటప్పుడు ఆ కోడ్‌ను నోట్‌లో రాసిపెట్టండి. అదే కస్టమర్ వారం తర్వాత "అది దొరికిందా?" అని అడిగితే, టికెట్ తీసినవాళ్లకు "అది" ఏమిటో తెలుస్తుంది.