పెల్టనా, ఫ్రాన్సిసా? వేగ త్రిభుజాలు గీసి తేల్చుకోవడం ఎలా

చిన్న జలవిద్యుత్ కేంద్రానికి 60 మీటర్ల హెడ్, అంటే నీరు పడే ఎత్తు, సెకనుకు 200 లీటర్ల నీరు ఉన్నాయనుకుందాం. ఇంపల్స్ రకమైన పెల్టన్, రియాక్షన్ రకమైన ఫ్రాన్సిస్, రెండు టర్బైన్లూ ఇక్కడ పనికొస్తాయి, తలనొప్పి కూడా అక్కడే మొదలవుతుంది. ఏది నయమో తేలాలంటే ఒక కాగితం మీద ఒక్కో టర్బైన్‌కి నీరు లోపలికొచ్చే చోట ఒకటి, బయటికి పోయే చోట ఒకటి, మొత్తం నాలుగు వేగ త్రిభుజాలు గీయాలి.

ముందు ఆ 60 మీటర్లు నికర హెడ్ అవునో కాదో చూసుకోండి. పైపులో రాపిడికి పోయేది తీసేశాక మిగిలిందే లెక్కలోకి వస్తుంది. చాలామంది మొత్తం ఎత్తు వేసేసి, తర్వాత పవర్ తగ్గిందని టర్బైన్‌ని తిడతారు. 60 మీటర్ల దగ్గర కిలో నీటిలో ఉన్న శక్తి 9.81 × 60, అంటే దాదాపు 589 జౌళ్లు. అందులో టర్బైన్‌లో తిరిగే చక్రమైన రన్నర్‌కి అందేది ఎంతో ఈ సూత్రం చెబుతుంది:

```
W = u1·Vw1 − u2·Vw2
```

u అంటే రన్నర్ అంచు వేగం, Vw అంటే నీటి వేగంలో ఆ అంచు తిరిగే దిశలో ఉన్న భాగం. 1 ప్రవేశం, 2 నిష్క్రమణ.

ఇప్పుడు పెల్టన్. నాజిల్‌లోనే హెడ్ అంతా వేగంగా మారిపోతుంది కాబట్టి జెట్ సెకనుకు 33.6 మీటర్లతో వస్తుంది (నాజిల్ నష్టం 2 శాతం తీసేశాను). చక్రం అంచున ఉండే బకెట్ వేగం జెట్‌లో సగానికి కాస్త తక్కువ, 16 అనుకోండి. రెండూ ఒకే దిశలో ఉండటంతో ప్రవేశ త్రిభుజం ఒక గీతగా కుదించుకుపోతుంది, బకెట్‌తో పోలిస్తే నీటి వేగం, అంటే సాపేక్ష వేగం, 17.6. బకెట్ దాన్ని 165 డిగ్రీలు తిప్పి పంపుతుంది, రాపిడి వల్ల 16.7 మిగులుతుంది. ఇందులో వెనక్కి పోయే భాగం 16.1, బకెట్ ముందుకు వెళ్లేది 16, కాబట్టి Vw2 దాదాపు సున్నా. పని 16 × 33.6, అంటే 538 జౌళ్లు, 91 శాతం.

ఫ్రాన్సిస్‌లో అలా కాదు. 90 శాతం సామర్థ్యం, బయటికొచ్చే నీటికి సుడి లేదు అని పెట్టుకుంటే u1 × Vw1 విలువ 530 రావాలి. తేలిక కోసం రెండూ సమానం అనుకుంటే ఒక్కోటి 23. రన్నర్‌లోకి వెళ్లే దిశలో ప్రవాహ వేగం 6.9 తీసుకుంటే నీటిని రన్నర్‌లోకి మళ్లించే గైడ్ వేన్ కోణం దాదాపు 17 డిగ్రీలు, నీటి అసలు వేగం 24. ఆ వేగంలో ఉన్న శక్తి 288 జౌళ్లే చూడండి, మిగతా సగం ఇంకా పీడనంగానే ఉంది. అది రన్నర్ లోపల కరుగుతుంది, రియాక్షన్ అనేది ఇదే.

23 మీటర్ల అంచు వేగం వల్ల 29 సెంటీమీటర్ల రన్నర్ 1500 ఆర్‌పీఎంతో తిరుగుతుంది, జనరేటర్‌ని నేరుగా తగిలించొచ్చు. పెల్టన్‌కి ఒకే నాజిల్ పెడితే జెట్ వ్యాసం 87 మిల్లీమీటర్లు, చక్రం దానికి కనీసం పది రెట్లు ఉండాలనే లెక్కన 350 ఆర్‌పీఎం మాత్రమే. ఇంతవరకు ఫ్రాన్సిస్‌దే పైచేయి.

కానీ నీళ్లు 40 శాతానికి పడిపోయినప్పుడు త్రిభుజాలు మళ్లీ గీయండి, అసలు తేడా అక్కడ బయటపడుతుంది. పెల్టన్‌లో సూది ముందుకు జరిగి జెట్‌ని సన్నం చేస్తుంది, వేగం 33.6 అలాగే ఉంటుంది, త్రిభుజం మారదు. ఫ్రాన్సిస్‌లో నిష్క్రమణ వ్యాసం 0.6 రెట్లు అనుకుంటే u2 = 13.8, ఆకు కోణం 26.6 డిగ్రీలు. జనరేటర్ వేగం మారదు, ఆకు కోణమూ మారదు, ప్రవాహ వేగం మాత్రం 6.9 నుంచి 2.8కి దిగుతుంది. అప్పుడు Vw2 సున్నాగా ఉండక 8.3 అవుతుంది, అంటే నీరు సుడి తిరుగుతూ బయటికి పోతుంది. ఆ సుడిలోనే 34 జౌళ్లు పోతాయి, గైడ్ వేన్లు మూసుకున్నాక నీరు ఆకుకి తప్పు కోణంలో తగిలి ఇంకొంత పోతుంది. సైట్‌లో దీన్ని పట్టుకోవడం కష్టం కాదు: రన్నర్ నుంచి నీటిని బయటికి తీసుకెళ్లే డ్రాఫ్ట్ ట్యూబ్‌లో దబదబ చప్పుడు, ప్రెజర్ గేజ్ ముల్లు ఊగుతూ ఉండటం, పవర్ మీటర్ నిలకడగా లేకపోవడం.

కాబట్టి నెలవారీ ప్రవాహం పట్టిక ముందు పెట్టుకోండి. ఏడాదిలో ఎక్కువ రోజులు నిండుగా పారితే ఫ్రాన్సిస్. సగానికి తక్కువే ఎక్కువ కాలం ఉంటే నేనైతే పెల్టనే తీసుకుంటాను, కాకపోతే రెండు నాజిళ్లతో: జెట్ 62 మిల్లీమీటర్లకు దిగి, చక్రం 61 సెంటీమీటర్లకు తగ్గి, 500 ఆర్‌పీఎం వస్తుంది, నీళ్లు తగ్గిన రోజుల్లో ఒక నాజిల్ మూసేయొచ్చు. చక్రం కింది నీటి మట్టానికి పైనే ఉండాలి కాబట్టి ఆ కాస్త ఎత్తు మాత్రం 60 మీటర్లలోంచి కోసుకోవాలి.