క్యాన్ నీళ్లా, కాచిన నీళ్లా, ఫిల్టర్ నీళ్లా: మీ ఇంటికి ఏవి సరిపోతాయో తేల్చుకోవడం ఎలా?

తిరుపతిలో 20 లీటర్ల క్యాన్‌లో ఇంటికి వచ్చే నీటిని అందరూ ‘మినరల్ వాటర్’ అనే అంటారు. నిజానికి ఆ క్యాన్లలో చాలావరకు ఉండేది ఖనిజాలను తీసేసిన నీరు. వాటర్ ప్లాంట్ వారు బోరు నీటిని ఆర్.ఓ. యంత్రం గుండా పంపి, అందులో కరిగి ఉన్న లవణాలలో 90 శాతానికి పైగా తొలగించి క్యాన్లలో నింపుతారు. సహజమైన మినరల్ వాటర్ అనేది వేరే ఉంది. అది నేలలోంచి వచ్చిన ఊట నీటిని, ఆ ఖనిజాల కూర్పు మారకుండా, ఊట దగ్గరే సీసాలో నింపినది. దాని ప్రమాణం ఐఎస్ 13428. మనం బస్టాండులో కొనే మామూలు సీసాల మీద సాధారణంగా ‘ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్’ అని ఉంటుంది. దాని ప్రమాణం ఐఎస్ 14543. ఈ తేడా తెలియకపోవడం వల్లనే, క్యాన్ నీటిలో ఖనిజాలు ఎక్కువని, కాచిన కుళాయి నీటిలో తక్కువని చాలామంది తలకిందులుగా నమ్ముతున్నారు.

తాగే నీటి విషయంలో రెండు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. నీటిలో రోగాన్ని తెచ్చే సూక్ష్మజీవులు ఉన్నాయా అన్నది ఒకటి, నీటిలో ఏ లవణాలు ఎంత కరిగి ఉన్నాయన్నది రెండవది. కాచడం మొదటిదానికి మందు, ఆర్.ఓ. ప్రధానంగా రెండవదానికి మందు. మన ఇంటి నీటికి ఏ సమస్య ఉందో తెలియకుండా ఈ మూడింటిలో ఏది మేలో చెప్పడం కుదరదు.

మొదట: వంటింటి కుళాయిలో వస్తున్నది ఏ నీరో కనుక్కోండి

తిరుపతి నగరానికి కళ్యాణి డ్యామ్ నుంచీ, తెలుగు గంగ నుంచీ నీరు అందుతుంది. రెండూ ఉపరితల జలాలే కాబట్టి లవణాలు మితంగానే ఉంటాయి. అయితే అపార్ట్‌మెంట్లలో ఈ నీరు నేరుగా వంటింటికి రాదు. అది సంపులో పడుతుంది, వేసవిలో సంపు నిండకపోతే వాచ్‌మన్ బోరు మోటారు వేసి అందులోకే వదులుతాడు, ఆ కలగలుపు నీరే పై ట్యాంకుకు ఎక్కుతుంది. కాబట్టి ‘మాది కార్పొరేషన్ నీరే’ అనే మాటను కొలిచి చూసే వరకు నమ్మకూడదు.

కొలవడానికి పెన్నులాంటి టీడీఎస్ మీటరు చాలు. అది నీటి విద్యుద్వాహకతను బట్టి, కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంచనాగా చెబుతుంది. మూడు గ్లాసులు తీసుకోండి. సంపులో పడకముందే కార్పొరేషన్ పైపు దగ్గర పట్టిన నీరు ఒకటి, బోరు నీరు ఒకటి, వంటింటి కుళాయి నీరు ఒకటి. మూడూ గది వేడికి వచ్చాక కొలవండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక మే నెలలో కొలిచినప్పుడు కార్పొరేషన్ పైపు దగ్గర 230, బోరు దగ్గర 880, వంటింట్లో 560 వచ్చాయి. బోరుకూ పైపుకూ మధ్య తేడా 650, వంటింటి నీటికీ పైపు నీటికీ మధ్య తేడా 330. 330ని 650తో భాగిస్తే దాదాపు సగం. అంటే ఆ నెలలో మేము తాగుతున్న దానిలో సగం బోరు నీరే. నవంబరులో మళ్లీ కొలిస్తే వంటింట్లో 310 వచ్చింది. అదే లెక్కన బోరు నీటి వాటా ఎనిమిదో వంతుకు పడిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే కుళాయిలో, కాలాన్ని బట్టి నీరు ఇంతగా మారుతుంది కనుక ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా ఎండాకాలంలో ఒకసారి, వానల తరువాత ఒకసారి కొలవాలి. (మీటరు లేనివారికి కందిపప్పే మీటరు. ఎంతకూ మెత్తబడకుండా పప్పు బద్దలుగానే మిగులుతోందంటే, కుక్కరును తిట్టుకునే ముందు నీటిని అనుమానించాలి.)

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో లవణాల మొత్తం 500 వరకు ఉండవచ్చు. వేరే ఆధారం లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు.

తరువాత: మీటరు చెప్పలేని వాటిని పరీక్ష చేయించండి

మీటరు మొత్తాన్ని చెబుతుందే తప్ప అందులో ఏముందో చెప్పదు. 300 చూపిన నీటిలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండవచ్చు, 50 చూపిన నీటిలో కోట్ల సూక్ష్మజీవులు ఉండవచ్చు. రాయలసీమ గట్టి రాతి నేలల్లో లోతైన బోర్లలో ఫ్లోరైడ్ కనిపించడం కొత్తేమీ కాదు కాబట్టి, బోరు నీరు కలిసే ప్రతి ఇంటివారూ ఒక్కసారైనా ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి నీటి పరీక్షా కేంద్రాలలో స్వల్ప రుసుముతో ఈ పని అవుతుంది. నాలుగింటిని అడగండి: ఫ్లోరైడ్, నైట్రేట్, మొత్తం కాఠిన్యం, కోలిఫామ్ బాక్టీరియా. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, 1.5 దాటకూడదు. నైట్రేట్‌కు 45 అన్నది సడలింపు లేని హద్దు. కాఠిన్యం 200 వరకు మేలు, గత్యంతరం లేకపోతే 600 వరకు. కోలిఫామ్‌లలో ఒక రకమైన ఇ.కోలై మాత్రం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడకూడదు.

లవణాల పరీక్షకు శుభ్రమైన లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపితే సరిపోతుంది. బాక్టీరియా పరీక్షకు ఇంట్లోని సీసా పనికిరాదు. ప్రయోగశాల వారు ఇచ్చే శుద్ధి చేసిన సీసానే తీసుకోవాలి, కుళాయిని రెండు నిమిషాలు వదిలిన తరువాత మూత లోపలి భాగాన్ని ముట్టకుండా పట్టాలి, ఐసు పెట్టిన డబ్బాలో వీలైతే ఆరు గంటలలోపు అందజేయాలి. ఇక్కడ అజాగ్రత్తగా ఉంటే మన వేలి బాక్టీరియానే రిపోర్టులో కనిపిస్తుంది.

కాచేటప్పుడు

నీరు కుతకుతా మరగడం మొదలైన తరువాత ఒక నిమిషం ఉంచితే చాలు. రోగాన్ని తెచ్చే బాక్టీరియా, వైరస్, అమీబా వంటివి చనిపోతాయి. పావుగంట మరిగిస్తే గ్యాసు ఖర్చు తప్ప అదనపు రక్షణ లేదు, పైగా ఒక నష్టం ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఫ్లోరైడ్, నైట్రేట్ గిన్నెలోనే మిగులుతాయి. 10 లీటర్ల నీరు మరిగి 9 లీటర్లైతే, 1.4 ఉన్న ఫ్లోరైడ్ సుమారు 1.56కు చేరుతుంది, అంటే హద్దులో ఉన్న నీరు హద్దు దాటుతుంది. నైట్రేట్ ఎక్కువున్న బోరు నీటిని కాచి పసిబిడ్డకు పాలపొడి కలపడం ఇంకా ప్రమాదం. నైట్రేట్ వల్ల పసివారి రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్లు నీలి రంగుకు తిరిగే జబ్బు రావచ్చు.

కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొడిని చూసి చాలామంది భయపడతారు. అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థమే. నీటిలో బైకార్బొనేట్‌గా కరిగి ఉన్న కాల్షియం వేడికి ఇలా విడిపోయి కిందికి దిగుతుంది. ఆ మేరకు నీటి కాఠిన్యం తగ్గుతుంది, ఆ మేరకు కాల్షియమూ పోతుంది. మిగిలిన కాల్షియం, మెగ్నీషియం నీటిలోనే ఉంటాయి.

కాచిన నీటి అసలు బలహీనత ఆ తరువాత మొదలవుతుంది. మరిగించినప్పుడు క్లోరిన్ పోతుంది కనుక, చల్లారాక గ్లాసు ముంచితే వేలి మీద ఉన్నవన్నీ నీటిలో చేరి నిరాటంకంగా పెరుగుతాయి. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి, కుళాయి ఉన్న స్టీలు బిందెలోకి వంచుకుని, 24 గంటలలో వాడేయడం మంచిది.

ఫిల్టరు విషయంలో

అన్ని ఫిల్టర్లూ ఒకటి కావు. క్యాండిల్ ఫిల్టరు మట్టిని, కొంతమేరకు బాక్టీరియాను ఆపుతుంది. యూవీ దీపం సూక్ష్మజీవులను చంపుతుంది కానీ లవణాలను ముట్టదు. లవణాలను తీసేది ఆర్.ఓ. మాత్రమే, దానికి ప్రతి లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు పక్కకు పోతాయి. 500 లోపు ఉన్న నీటికి ఆర్.ఓ. వాడటాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పడానికి ఈ వృథా ఒక కారణం.

ఆర్.ఓ. ఉన్నవారు యంత్రంలో లవణాలను ఆపే పొర పనిచేస్తోందో లేదో ఇలా చూసుకోవచ్చు. మా ఇంట్లో లోపలికి వెళ్లే నీరు 560, బయటికి వచ్చేది 45. అంటే 92 శాతం లవణాలు ఆగుతున్నాయి. ఇది 80 శాతం కంటే తగ్గితే పొర అరిగిందని అర్థం. అయితే యంత్రంలో ‘టీడీఎస్ కంట్రోలర్’ అనే చిన్న స్క్రూ ఉంటే దాన్ని మూసిన తరువాతే కొలవాలి. అది రుచి కోసం ముడి నీటిలో కొంత భాగాన్ని ఆర్.ఓ. గుండా పోనివ్వకుండా కలుపుతుంది. ఐదో వంతు ముడి నీరు కలిపితే మా లెక్క 148 అయింది, కొంత కాల్షియం తిరిగి వచ్చింది. కానీ ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట అదే స్క్రూ ఫ్లోరైడ్‌ను కూడా తిరిగి తెస్తుంది కాబట్టి రిపోర్టు చూడకుండా తిప్పకూడదు.

క్యాన్ కొనేటప్పుడు

సీలు చెక్కుచెదరకుండా ఉందా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య ఉన్నాయా అని చూడండి. సీలు లేకుండా కళ్లముందే నింపి ఇచ్చే నీటికి ఇవేవీ ఉండవు. క్యాన్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి మూలల్లో చూడండి. లేత పచ్చని పొర కనిపిస్తే అది పాచి, దాన్ని నింపకముందు సరిగా కడగలేదు. ఎండలో ఆటోలో నిలబడిన క్యాన్ కూడా వద్దు. ఈ నీటిలో క్లోరిన్ ఉండదు కనుక మూత తెరిచాక రెండు మూడు రోజులకు మించి ఉంచకూడదు.

ఖనిజాల లెక్క

పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ఐసీఎంఆర్ చెబుతుంది. లీటరుకు 60 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న కుళాయి నీటిని రోజుకు రెండు లీటర్లు తాగితే 120 వస్తుంది. కాచితే కొంత తగ్గి, 80కి దగ్గరగా ఉందనుకుందాం. లీటరుకు 5 మాత్రమే ఉన్న క్యాన్ నీటితో 10 వస్తుంది. ఒక గ్లాసు పాలలో సుమారు 240 ఉంటుంది. కాబట్టి నీటివల్ల పోయేది అర గ్లాసు పాలంత. పాలు, రాగిముద్ద, ఆకుకూర తినే ఇంట్లో ఇది లెక్కలోకి రాదు. పాలు తాగని పెద్దవారికి మాత్రం అది చిన్న మొత్తం కాదు.

మా బోరు నీటి ఫ్లోరైడ్ 1.3 అని, పైపు నీటిది 0.4 అని రిపోర్టు వచ్చింది. సగం సగం కలిస్తే 0.85, హద్దులోనే ఉంది. అందుకని జూలై నుంచి మార్చి వరకు కాచిన కుళాయి నీరే తాగుతున్నాము, మీటరు 500 దాటే ఎండాకాలపు నెలల్లో మాత్రం ఆర్.ఓ. వేస్తున్నాము. క్యాన్ మానేశాము. బోరు నీరు మాత్రమే ఉండి ఫ్లోరైడ్ 1.5 దాటిన ఇంటివారైతే ఏడాది పొడవునా ఆర్.ఓ. వాడి, పొరను ఆరు నెలలకోసారి పైన చెప్పినట్టు కొలుచుకోవాలి.