సరళ యంత్రాలు – 4వ పాఠం: బావి మీది డ్రమ్ము, హ్యాండిల్, బలం లెక్క

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది 73 న్యూటన్లు అని రాశారు. కొందరు 36 అన్నారు. సరైన జవాబు 40. పని గురించి చెబుతానన్నాను కానీ, ముందు ఈ లెక్క తేలాలి.

లెక్క ఇది. బావి మీద అడ్డంగా పెట్టిన డ్రమ్ము వ్యాసం 20 సెం.మీ. దానికి చుట్టుకునే చేంతాడు మందం 2 సెం.మీ. ఇరుసు మధ్య నుంచి చేతి పిడి వరకు హ్యాండిల్ పొడవు 44 సెం.మీ. నీళ్లతో బకెట్ 16 కిలోలు, అంటే సుమారు 160 న్యూటన్ల బరువు. రాపిడి లేదనుకుంటే హ్యాండిల్‌ను ఎంత బలంతో తిప్పాలి?

73 రాసినవాళ్లు 44ను 20తో భాగించారు. 44 అనేది ఇరుసు మధ్య నుంచి కొలిచిన దూరం, అంటే వ్యాసార్ధం. 20 డ్రమ్ముకు ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలిచిన వ్యాసం. ఒకవైపు సగం, ఇంకోవైపు మొత్తం పెట్టి భాగిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. రెండువైపులా వ్యాసమే తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కలపడమే తప్పు. హ్యాండిల్‌కు గుండ్రటి ఆకారం లేదు కాబట్టి దానికి వ్యాసం ఉందన్న సంగతే మనకు తట్టదు. కానీ చెయ్యి ఒక చుట్టు తిరిగితే గాలిలో 88 సెం.మీ. వ్యాసం ఉన్న చక్రాన్ని గీస్తుంది. ఆ కనపడని చక్రమే ఇక్కడ చక్రం, డ్రమ్ము దాని ఇరుసు.

36 రాసినవాళ్లు వ్యాసార్ధం 10 సరిగ్గానే తీసుకున్నారు, తాడు మందాన్ని వదిలేశారు. బరువు తాడు మధ్యగీత వెంట లాగుతుంది. కాబట్టి 10కి తాడు మందంలో సగం, 1 సెం.మీ., కలపాలి. అప్పుడు 44ను 11తో భాగిస్తే 4. అదే యాంత్రిక లాభం. 160ని 4తో భాగిస్తే 40 న్యూటన్లు.

నిజం డ్రమ్ము దగ్గర నేనైతే వ్యాసార్ధం కొలవను. హ్యాండిల్‌ను సరిగ్గా ఒక చుట్టు తిప్పి, బకెట్ ఎంత లేచిందో టేపుతో చూస్తాను. ఇక్కడ 69 సెం.మీ. లేస్తుంది. చెయ్యి తిరిగిన చుట్టుకొలత 276 సెం.మీ. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే అదే 4. తాడు మందం దానంతటదే లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు పని. బావి లోతు 8 మీటర్లు అనుకోండి. బకెట్ మీద జరిగిన పని 160 × 8 = 1280 జౌళ్లు. మన చెయ్యి 40 న్యూటన్లతోనే తోసింది కానీ 8 మీటర్లకు బదులు 32 మీటర్లు తిరిగింది. 40 × 32 కూడా 1280. బలం నాలుగో వంతుకు తగ్గింది, దూరం నాలుగింతలైంది, పని మాత్రం అంతే. హ్యాండిల్ ఇంకా పొడుగ్గా పెట్టినా బలమే తగ్గుతుంది, ఈ 1280లో ఒక్క జౌలు కూడా తగ్గదు.

అసలు బావి దగ్గర 1280తో సరిపోదు. పిడికి స్ప్రింగ్ త్రాసు తగిలించి, హ్యాండిల్‌కు లంబంగా మెల్లగా లాగితే 50 న్యూటన్లు చూపించిందనుకుందాం. అప్పుడు చెయ్యి చేసిన పని 50 × 32 = 1600 జౌళ్లు. ఎక్కువైన 320 జౌళ్లు ఇరుసు ఆనిన చోట రాపిడికి పోయి వేడిగా మారాయి. దక్షత 80 శాతం. అదే బకెట్‌ను మెల్లగా దించుతూ చూడండి, త్రాసు 40 కంటే తక్కువ చూపిస్తుంది. దించేటప్పుడు రాపిడి మన వైపు ఉంటుంది మరి. ఎక్కించేటప్పటి, దించేటప్పటి అంకెల సగటు 40కి దగ్గరగా వస్తే మీ కొలతలు బాగున్నట్టే. దూరంగా వస్తే ముందు హ్యాండిల్ పొడవు మళ్లీ కొలవండి. వంపు వెంట కాదు, ఇరుసు మధ్య నుంచి పిడికి తిన్నగా కొలవాలి. దించేటప్పుడు మాత్రం పట్టు వదలకండి. బకెట్ బరువుకు హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి ముంజేతి ఎముక విరగ్గొట్టగలదు.

అభ్యాసం ఒక్కటే, సమయం తీసుకుని చేయండి. అదే డ్రమ్ము, అదే హ్యాండిల్, రాపిడి లేదు. బావి లోతు 15 మీటర్లు. డ్రమ్ము మీద పక్కపక్కన 12 చుట్లే పడతాయి. తర్వాతి చుట్లు మొదటి వరస మీదికి ఎక్కుతాయి, అక్కడ వ్యాసార్ధం 13 సెం.మీ. తాడు బరువు మీటరుకు పావు కిలో, మొదట్లో 15 మీటర్లూ వేలాడుతుంది. హ్యాండిల్ ఎక్కడ అన్నిటికంటే బరువుగా ఉంటుంది: బకెట్ అడుగున ఉన్నప్పుడా, పైకి వచ్చాకా, మధ్యలోనా? ముందు అంచనా రాసిపెట్టుకుని, తర్వాత మూడు చోట్లా బలం లెక్కగట్టండి. మొత్తం పని ఎంతో కూడా రాయండి. దానికి డ్రమ్ము వ్యాసార్ధం అక్కర్లేదు.