డయాలిసిస్: మిషన్ మీదా, పొట్టలో నీళ్లతోనా? ఎలా తేల్చుకోవాలి?

"డయాలిసిస్ తప్పదు. ఏ పద్ధతో ఆలోచించుకుని రండి" అని డాక్టర్ చెప్పగానే చాలామంది ఖర్చు గురించి, నొప్పి గురించి అడుగుతారు. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. రెండు పద్ధతులూ చేసే పని ఒక్కటే. సన్నని పొరకు ఒకవైపు రక్తం, మరోవైపు శుభ్రమైన ద్రవం ఉంటాయి. రక్తంలోని యూరియా, క్రియాటినిన్, ఎక్కువైన పొటాషియం ఆ పొర దాటి ద్రవంలోకి వెళ్లిపోతాయి. ఒంట్లో చేరిన నీరూ బయటికి వస్తుంది. హిమోడయాలిసిస్‌లో ఆ పొర మిషన్‌కు బిగించిన ఫిల్టర్‌లో ఉంటుంది. పెరిటోనియల్ డయాలిసిస్‌లో అది మన పొట్టలోనే ఉంది, పేగులను కప్పి ఉంచే పొర. రక్తం పట్టడానికి కిడ్నీలు తయారుచేసే హార్మోన్‌ను మాత్రం ఏ డయాలిసిస్ కూడా ఇవ్వలేదు. అందుకే ఏది ఎంచుకున్నా చాలామందికి ఆ ఇంజెక్షన్లు అవసరమవుతాయి.

ముందు మీ ఒంటిని చూసుకోండి

పొట్టకు పెద్ద ఆపరేషన్లు అయ్యాయా? హెర్నియా ఉందా? ఉంటే మొదటి సంప్రదింపులోనే చెప్పండి. లోపల పేగులు అతుక్కుపోయి ఉంటే ద్రవం సరిగ్గా తిరగదు. హెర్నియా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకు మిషన్ మీద బీపీ పడిపోయే ప్రమాదం ఎక్కువ. వాళ్లకు రోజంతా నెమ్మదిగా సాగే పొట్ట పద్ధతే కొంత మేలు.

తర్వాత మీ వారాన్ని లెక్క వేసుకోండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోట ఉన్న ఒక రైతును ఊహించుకుందాం. డయాలిసిస్ సెంటర్ గంట దూరంలో ఉంది. మిషన్ మీద వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. సూదులు పెట్టడానికి, తీశాక రక్తం ఆగడానికి ఇంకో గంట. రానుపోను రెండు గంటలు. మొత్తం వారానికి 21 గంటలు. పొట్ట పద్ధతిలో పాత ద్రవాన్ని గొట్టం ద్వారా దించి, సంచి నుంచి కొత్తది ఎక్కించాలి. ఇలా రోజుకు మూడుసార్లు సంచి మార్చాలనుకుంటే, ఒక్కో మార్పుకు 35 నిమిషాల చొప్పున వారానికి 12 గంటలు. మిగతా సమయంలో ద్రవం పొట్టలో ఉండగానే తోటకు వెళ్లొచ్చు. కానీ దీనికి ఆదివారం లేదు, పండగ లేదు.

తిండిలోనూ తేడా ఉంది. మిషన్ పద్ధతిలో రెండు సెషన్ల మధ్య పొటాషియం, నీరు పేరుకుపోతాయి. ఈ రైతుకు ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు 58 కిలోలు అనుకోండి. 60.5తో వస్తే మిషన్ నాలుగు గంటల్లో రెండున్నర లీటర్లు లాగాలి. అదే 62తో వస్తే నాలుగు లీటర్లు. అప్పుడే పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. తోటలో చెట్టు నిండా బోండాలున్నా కొబ్బరి నీళ్లు తాగకూడదు, ఆ పొటాషియం గుండెనే ఆపేయగలదు. పొట్ట పద్ధతిలో ఈ కట్టడి సాధారణంగా కొంత తక్కువ. అయితే ద్రవంలోని గ్లూకోజ్ ఒంటికి పడుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. రోజూ కొంత ప్రొటీన్ కూడా బయటికి పోతుంది. గుడ్డు, చేప ఎంత తినాలో డైటీషియన్‌ను అడగాలి.

ఇప్పుడు ఇల్లు చూడండి

పొట్ట పద్ధతికి ఫ్యాన్ ఆపి, తలుపులు మూసుకోగల ఒక శుభ్రమైన మూల కావాలి. నెలకు సరిపడా ద్రవం పెట్టెలు పెట్టుకోవడానికి చోటు కావాలి. చేతులు సబ్బుతో బాగా కడుక్కుని, మాస్క్ పెట్టుకుని, ముందు పొట్టలోని పాత ద్రవాన్ని కిందున్న సంచిలోకి దించాలి. తర్వాత పైన వేలాడే సంచి నుంచి కొత్తది, సాధారణంగా రెండు లీటర్లు, ఎక్కించాలి. రెండు లీటర్లు పోసి 2.3 లీటర్లు బయటికొస్తే 300 మిల్లీలీటర్ల నీరు తీసినట్టు. పుస్తకంలో రాసుకోవాలి. మలబద్ధకం ఉన్నా ద్రవం సరిగ్గా దిగదు, ఇది చాలామందికి తట్టదు.

దిగిన సంచి కింద న్యూస్‌పేపర్ పెట్టి చూడండి. అక్షరాలు చదవగలిగితే సరే. బియ్యం కడిగిన నీళ్లలా మసకగా ఉంటే, పొట్ట నొప్పి లేకపోయినా, ఇన్‌ఫెక్షన్ అనుకుని అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. సంచిని పారబోయకుండా వెంట తీసుకెళ్లండి, టెస్ట్ దానికే చేస్తారు. చేతులు వణికేవాళ్లు, చూపు మందగించినవాళ్లు ఇంట్లో ఒకరు నేర్చుకుంటేనే ఈ పద్ధతికి ఒప్పుకోవాలి. లేకపోతే నర్సులు చూసుకునే మిషనే క్షేమం.

తేల్చుకోవడం ఆలస్యం చేయకండి

మిషన్ కోసం చేతిలో సిరను, ధమనిని కలిపి ఫిస్టులా చేస్తారు. అది వాడుకకు రావడానికి రెండు నెలలో, ఇంకా ఎక్కువో పడుతుంది. పొట్టలో పెట్టే గొట్టానికి వీలైతే రెండు వారాల విశ్రాంతి ఇస్తారు. ఆఖరి నిమిషంలో వెళితే మెడ దగ్గర గొట్టం వేయాల్సి వస్తుంది, దాంతో ఇన్‌ఫెక్షన్ల బెడద ఎక్కువ. ఏదీ ఇంకా తేల్చుకోకపోయినా ఈ రోజు నుంచే ఒక పని చేయండి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమచేతి సిరలను కాపాడుకోండి. సెలైన్‌కి గానీ, రక్తపరీక్షకి గానీ ఎవరైనా ఆ చెయ్యి పట్టుకుంటే, "ఈ చేతికి వద్దు, ఫిస్టులా వేయాలి" అని గట్టిగా చెప్పండి.