రాత్రి పాలు మెల్లగా మాన్పిద్దాం – 3వ పాఠం: నిమిషాలు తగ్గించడం

మొదటి పాఠంలో మూడు రాత్రుల లెక్క రాసి పెట్టుకోమన్నాను. బిడ్డ ఎన్నింటికి లేచింది, ఎన్ని నిమిషాలు తాగింది అన్నది. రెండో పాఠంలో పగటి పాలు, తిండి కాస్త పెంచాం. ఇప్పుడు ఆ కాగితం బయటికి తీయండి.

ఏడాది దాటి, బరువు సరిగ్గా పెరుగుతూ, పగలు బాగా తినే బిడ్డకే ఈ పద్ధతి. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా ముందు డాక్టర్‌ని అడగండి. ఇంకో మాట, రాత్రి పాలు మానడమంటే తల్లిపాలు పూర్తిగా మానడం కాదు. రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పగటి పాలు మీ ఇష్టం ఉన్నంత కాలం ఇచ్చుకోండి.

ఆ లెక్కలోంచి ఒక్క లేవడాన్నే ఎంచుకోండి. మా పాపకి ఏడాదిన్నర అప్పుడు పదకొండున్నరకి, రెండుకి, నాలుగున్నరకి లేచేది. నేను రెండు గంటల పాలతో మొదలుపెట్టాను. నాలుగున్నరది మొదట ముట్టుకోవద్దు. అప్పటికి బిడ్డ నిద్ర చాలావరకు తీరిపోయి ఉంటుంది, మళ్లీ పడుకోబెట్టడం కష్టం. మిగతా రెండు పాలూ ఎప్పటిలాగే ఇస్తూ వచ్చాను.

రెండు గంటలకి పాప పది నిమిషాలు తాగేది. మొదటి రెండు రాత్రులు ఎనిమిది నిమిషాలు ఇచ్చాను, తర్వాత రెండు రాత్రులు ఆరు, ఆ తర్వాత రెండు రాత్రులు నాలుగు. ఏడో రాత్రి ఇవ్వలేదు. ఒక్కో మెట్టు మీద రెండు రాత్రులు ఉండటం వల్ల పాపకి అలవాటు పడే టైమ్ దొరికింది, నా ఒంటికి కూడా. సీసా పాలు తాగే బిడ్డకైతే నిమిషాలకి బదులు మిల్లీలీటర్లు లెక్కపెట్టి, రెండు రాత్రులకోసారి 20 నుంచి 30 తగ్గించండి. 60కి వచ్చాక ఆపేయొచ్చు.

అసలు పని రొమ్ము వదిలించడంలోనే ఉంది, అది చెవితో నేర్చుకోవాల్సిన పని. మొదట్లో గుటక వినిపిస్తుంది, చప్పరింత, గుటక, చప్పరింత, గుటక. కాసేపటికి గుటకలు ఆగి, గడ్డం మాత్రం సన్నగా వణుకుతుంది. అప్పుడు బిడ్డ పాలు తాగడం లేదు, నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకి మెల్లగా పోనిచ్చి పట్టు విడిపించండి. లాగొద్దు, లాగితే చనుమొనకి గాయమవుతుంది. వెంటనే మీ వేలితో గడ్డం కింద నెమ్మదిగా ఆనించి నోరు మూసి పట్టుకోండి. బిడ్డ వెతుక్కుంటే పది లెక్కపెట్టేదాకా అలాగే జోకొట్టండి. ఇంకా వెతుకుతుంటే ఒక నిమిషం ఇచ్చి మళ్లీ వదిలించండి. మొదటి రాత్రి నేను నాలుగుసార్లు వదిలించాల్సి వచ్చింది, మూడో రాత్రికి ఒక్కసారితో సరిపోయింది.

కళ్లు పూర్తిగా మూతపడకముందే వదిలించాలి. అందరం నిద్రలో మధ్యమధ్య ఓ క్షణం మెలకువకి వచ్చి మళ్లీ పడుకుంటాం, పిల్లలైతే ఇంకా తరచుగా. నోట్లో రొమ్ముతో నిద్రపోయిన బిడ్డ ఆ క్షణంలో రొమ్ము లేకపోయేసరికి బెంబేలెత్తి ఏడుస్తుంది. జోకొడుతుంటే నిద్రపోయిన బిడ్డకి వీపు మీద చెయ్యి చాలు. నిమిషాలు తగ్గినా లేవడం తగ్గలేదంటే, నూటికి తొంభైసార్లు ఇక్కడే తేడా జరుగుతోందని నా అనుభవం.

ఏడో రాత్రి పాలివ్వనప్పుడు ఏడుపుని విని పోల్చుకోండి. ఆగి ఆగి, కళ్లు మూసుకునే చేసే గునుపు వేరు. దానికి పక్కనే ఉండి చెయ్యి వేసి, రోజూ వాడే ఒకే మాట అనండి. మేం "పాలు బజ్జున్నాయి, పొద్దున్నే తాగుదాం" అనేవాళ్లం. ఆగకుండా పెరిగిపోయే ఏడుపైతే వెంటనే ఎత్తుకోండి. వాళ్ల నాన్న ఎత్తుకుంటే ఇంకా మంచిది, పాల వాసన ఉండదు కదా. అయిదారు నిమిషాలకీ తేరుకోకపోతే నాలుగు నిమిషాలు పాలిచ్చి, మరో రెండు రాత్రులు ఆ మెట్టు మీదే ఉండండి. మళ్లీ పది నిమిషాలకి మాత్రం వెళ్లకండి, అప్పుడు బిడ్డకి ఏ రాత్రి ఏం జరుగుతుందో అర్థం కాక టెన్షన్ పడుతుంది. జ్వరం, జలుబు, పళ్లు రావడం, ప్రయాణం ఉంటే ఈ తగ్గించడం మొత్తం ఆపేసి, అవి అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి.

మీ ఛాతీ గురించి కూడా చెప్పాలి. రొమ్ములు బిగుసుకుంటే ఉపశమనం కలిగేంత మాత్రమే పిండేయండి, ఖాళీ అయ్యేదాకా పిండితే ఒళ్లు మళ్లీ అన్ని పాలూ తయారుచేస్తుంది. ఒకచోట ఎర్రబడి, వేడిగా, గట్టిగా ఉండి జ్వరం వస్తే అది రొమ్ము వాపు కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

రెండు గంటల పాలు లేకుండా మూడు రాత్రులు గడిచాక ఇదే వరసలో పదకొండున్నరవి మొదలుపెట్టండి. నాలుగున్నరవి వచ్చే పాఠంలో.