పహాణీ మీది ఊదా ముద్రను ఓసీఆర్‌కు ముందే తొలగించడం ఎలా?

పత్రాన్ని రంగుల్లో, 300 డీపీఐతో స్కాన్ చేసి పీఎన్‌జీగా దాచండి. జేపెగ్ వద్దు, అది ముద్ర రంగును అక్షరాల అంచులకు పులుముతుంది. పైథాన్, ఓపెన్‌సీవీ చాలు.

అందరూ ముందు చేసే పొరపాటు రంగుల బొమ్మను నలుపు తెలుపులోకి మార్చడం. నా దగ్గరి పహాణీ నకలులో గుండ్రటి ఊదా ముద్ర సరిగ్గా విస్తీర్ణం గడి మీద పడింది. ఆ సిరా విలువలు ఎరుపులో 150, ఆకుపచ్చలో 90, నీలంలో 185. అచ్చు అక్షరాలు మూడింటిలోనూ 50 దగ్గరే ఉన్నాయి. మామూలు మార్పిడి ఆకుపచ్చకే ఎక్కువ బరువు ఇస్తుంది కాబట్టి ముద్ర 119కి దిగి అక్షరాల పక్కన చేరుతుంది. నీలం చానల్ ఒక్కటే తీసుకుంటే 185 దగ్గరే ఉండిపోతుంది. ముద్ర ఏ చానల్‌లో తెల్లగా కనిపిస్తే అదే మీ చానల్: ఎర్ర ముద్రకు ఎరుపు, ఊదాకు సాధారణంగా నీలం. ఓపెన్‌సీవీలో వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని మరచిపోకండి.

```python
import cv2
b = cv2.imread("pahani.png")[:, :, 0]
_, out = cv2.threshold(b, 130, 255, cv2.THRESH_BINARY)
cv2.imwrite("out.png", out)
```

ఇక అసలు చిక్కు ఆ 130 దగ్గరే. అదే హద్దు: విలువ దాన్ని మించితే తెలుపు, లేకుంటే నలుపు. దాన్ని ఓట్సు పద్ధతికి వదిలేయకండి. అది పేజీ మొత్తానికి ఒకే హద్దు వెతుకుతుంది, ముద్ర ఎక్కడుందో దానికి పట్టదు. ముద్ర మీద పది చోట్ల, సన్నని గీతల మీద పది చోట్ల విలువలు చూసి మధ్యలో హద్దు పెట్టండి. హద్దు ఎక్కువైతే ముద్ర చుక్కలుగా మిగులుతుంది. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి పరవాలేదు. తక్కువైతేనే ప్రమాదం, ఎందుకంటే సన్నని గీతల అంచులు ఎప్పుడూ లేతగానే ఉంటాయి. ముందు తలకట్లు రాలుతాయి, తర్వాత గడుల గీతలు తెగి రెండు గడులు కలిసిపోతాయి. నేను ఒకసారి 90 పెట్టాను. 2-14లోని చిన్న గీత మాయమై రెండెకరాల పద్నాలుగు గుంటలు కాస్తా 214 అయింది. ఓసీఆర్ అనుమానపడలేదు, నేనూ గమనించలేదు. అందుకే విస్తీర్ణం వరుసను అసలు స్కాన్‌తో ఒక్కొక్కటిగా పోల్చనిదే వదలను.

ఊదా పిక్సెళ్లను ఎంచి తెల్లరంగు పూసే పద్ధతిని కొందరు మెచ్చుకుంటారు. నాకు నచ్చదు. ముద్ర కింది అక్షరాల అంచులూ ఊదాగానే ఉంటాయి, కనుక అక్షరం చెక్కుకుపోతుంది. చానల్ పద్ధతిలో నల్ల సిరా మీద ముద్ర పడినా నలుపు నలుపుగానే నిలుస్తుంది.

లేత బూడిదరంగు వాటర్‌మార్కుకు చానల్‌తో పని లేదు, హద్దు ఒక్కటే చాలు. నల్ల ముద్ర మాత్రం దీనికి లొంగదు. నీలి పెన్నుతో చేసిన దిద్దుబాట్లూ ముద్రతో పాటే పోవచ్చు. అవి ఉంటే ముందే వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి.