రిపోర్టు చదవడం నేర్చుకుందాం, 4వ పాఠం: ఫైబ్రోస్కాన్ కాగితం మీద kPa, CAP

పోయిన పాఠంలో రక్తపరీక్ష అంకెలతో FIB-4 లెక్క కట్టాం కదా. ఇంట్లో చేయమని ఇచ్చిన లెక్క ఇది: వయసు 52, ఏఎస్‌టీ 44, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 1 లక్షా 90 వేలు. ప్లేట్‌లెట్లను వేలల్లో, అంటే 190గా వేసుకోవాలి. చాలామంది తడబడేది అక్కడే.

```
(52 × 44) / (190 × √64) = 2288 / 1520 = 1.5
```

1.3 లోపు ఉంటే లివర్‌లో ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువని, 2.67 దాటితే ఎక్కువని చెప్పుకున్నాం. 1.5 మధ్యలో పడింది. ఇలా మధ్యలో ఇరుక్కున్న వాళ్లనే డాక్టర్లు ఎక్కువగా ఫైబ్రోస్కాన్‌కి పంపుతారు. ఈ 52 ఏళ్ల మనిషికి షుగర్ ఉంది, బరువు ఎక్కువ, మందు అలవాటు లేదు, హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగటివ్. ఆయన స్కాన్ కాగితాన్నే ఈ పాఠంలో చదువుదాం. మనిషి కల్పితం, అంకెలు మాత్రం రోజూ కనిపించే రకమే.

ముందు ఈ అంకె ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చెయ్యి తల కింద పెట్టుకోమని, కుడివైపు పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనిస్తారు. బటన్ నొక్కగానే వేలితో చిటుక్కున కొట్టినట్టు చిన్న దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బకి పుట్టిన అల లివర్‌లోకి పోతుంటే, అది ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్ కొలుస్తుంది. బిగించి కట్టిన తాడు మీద కుదుపు ఎలా చురుగ్గా పాకుతుందో, గట్టిపడిన లివర్‌లో అల కూడా అంతే, వేగం పెరుగుతుంది. వేగాన్ని వర్గం చేసి 3తో గుణిస్తే కిలోపాస్కల్ వస్తుంది. సెకనుకి 1.5 మీటర్లయితే సుమారు 6.8, 2 మీటర్లయితే 12. అంటే మెషీన్ కొలిచేది గట్టిదనాన్నే, మచ్చని కాదు. ఈ పాఠంలో మిగతా గొడవంతా ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది.

ఇక కాగితం. ఆయన మొదటిసారి తెచ్చిన దాని మీద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది.

```
E (Median): 11.2 kPa    IQR: 3.9    IQR/Med: 35%
CAP: 318 dB/m           Probe: M    Valid: 10
```

కింద ఎవరో పెన్నుతో F3 అని రాశారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మనం మాత్రం 11.2ని ముందు చూడం, IQR/Med ని చూస్తాం. మీరూ ఈ వరస అలవాటు చేసుకోండి, ఎందుకంటే కొలత బాగోలేనప్పుడు దాని మీద రాసిన స్టేజీకి విలువ లేదు.

ఒక మనిషికి కనీసం పది కొలతలు తీస్తారు. ఆయన పదీ చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే ఇవీ: 7.4, 8.1, 9.0, 9.8, 10.9, 11.5, 12.6, 12.9, 14.0, 15.8. నడిమి రెండూ 10.9, 11.5, వాటి సగటు 11.2, అదే మీడియన్. అంచుల్లో ఉన్నవి వదిలేసి నడిమి సగం ఎంత వెడల్పుగా పరుచుకుందో చూడాలంటే మూడోది 9.0, ఎనిమిదోది 12.9, తేడా 3.9, అదే IQR. దాన్ని 11.2తో భాగిస్తే 35 శాతం. ఇది 30 శాతం లోపు ఉండాలి. ముఖ్యంగా మీడియన్ 7.1 లేదా అంతకంటే పైన ఉన్నప్పుడు ఈ నియమాన్ని గట్టిగా పట్టుకోవాలి. అదే లివర్, అదే చోటు, అయినా ఒకసారి 7.4, ఇంకోసారి 15.8 వచ్చిందంటే ఎక్కడో ఏదో తేడా కొట్టింది.

తేడా ఎక్కడుందో వెతికితే రెండు దొరికాయి. ఒకటి, ఆయన ఉదయం ఇడ్లీ, వడ తిని, కాఫీ తాగి వెళ్లారు. తిన్నాక లివర్‌కి రక్తప్రవాహం పెరుగుతుంది, దాంతో గట్టిదనమూ పెరుగుతుంది, అందుకే కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. పరగడుపున పొద్దున్నే వెళ్లడం అన్నిటికంటే సులువు. రెండోది ప్రోబ్. ఆయనది భారీ శరీరం, చర్మం నుంచి లివర్ పైపొర దాకా దూరం 25 మిల్లీమీటర్లు దాటితే M కాకుండా XL ప్రోబ్ వాడాలి. ఏ ప్రోబ్ వాడాలో మెషీనే స్క్రీన్ మీద సూచిస్తుంది, కానీ హడావుడిలో పట్టించుకోకపోవడం జరుగుతుంటుంది. లావుగా ఉన్నవాళ్లకి M ప్రోబ్‌తో తీస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది.

పరగడుపున, XL ప్రోబ్‌తో మళ్లీ తీస్తే ఇదొచ్చింది.

```
E (Median): 8.6 kPa     IQR: 1.2    IQR/Med: 14%
CAP: 312 dB/m           Probe: XL   Valid: 10
```

అదే మనిషి, అదే లివర్. వారం తేడాలో మచ్చ కరిగిపోదు కదా, మారింది కొలిచిన పద్ధతే. ఇప్పుడు 8.6ని నమ్మి ముందుకు పోవచ్చు.

స్టేజీల సంగతి. F0 అంటే మచ్చ లేదు, F1 కొద్దిగా, F2 చెప్పుకోదగ్గంత, F3 ముదిరింది, F4 సిరోసిస్. ఇవి అసలు బయాప్సీ ముక్కని మైక్రోస్కోప్ కింద చూసి ఇచ్చే పేర్లు. కిలోపాస్కల్‌ని వాటికి అతికించేది ఎలాగంటే, చాలామందికి స్కాన్, బయాప్సీ రెండూ చేసి, ఏ అంకె దగ్గర గీత గీస్తే రెండూ బాగా సరిపోతాయో చూస్తారు. కాబట్టి ఆ చాలామందిలో ఉన్న జబ్బు ఏదన్నదాన్ని బట్టి గీత జరుగుతుంది. హెపటైటిస్ సి మీద వచ్చిన పాత గీతలు F2కి 7.1, F3కి 9.5, F4కి 12.5. ఫ్యాటీ లివర్ వాళ్ల మీద 2019లో బ్రిటన్‌లో చేసిన అధ్యయనంలో అవే గీతలు 8.2, 9.7, 13.6. ఇప్పుడు ఒకరికి 13.0 వచ్చిందనుకోండి, మొదటి గీతలతో సిరోసిస్, రెండోవాటితో F3. గోడకి అంటించిన చార్టు ఏ జబ్బుదో చూడకుండా F అక్షరం రాసేస్తే ఇదే జరుగుతుంది.

అందుకే నేను ఫ్యాటీ లివర్ రిపోర్టుల్లో F అక్షరం కంటే రెండే గీతలు గుర్తుపెట్టుకోమంటాను, 8, 12. 8 లోపు ఉంటే ముదిరిన మచ్చ దాదాపు లేదనుకోవచ్చు, ఈ స్కాన్ అన్నిటికంటే బాగా చెప్పగలిగే మాట అదే. 12 దాటితే అనుమానం బలంగా ఉన్నట్టు. మధ్యలోవి మధ్యలోవే, ఇంకో పరీక్ష కావాలి, లేదా కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్. మన మనిషి 8.6 మధ్యలోనే ఉంది, కానీ గీతకి దగ్గరగా కింది అంచున, FIB-4 కూడా 1.5. చార్టు ప్రకారం F2 అని రాయొచ్చు, F1 అయ్యే అవకాశమూ బాగానే ఉంది, F3 అని మాత్రం ఈ కాగితం చూపించడం లేదు. లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, సిరోసిస్ వచ్చేసిందని ఏడవాల్సిన పనిలేదు.

15 దాటిన వాళ్ల లెక్క వేరు, అక్కడ లివర్ దీర్ఘకాలంగా బాగా దెబ్బతిన్నదనే అనుమానంతో ప్లేట్‌లెట్లు, ఎండోస్కోపీ గురించి మాట్లాడతారు. అది ఆరో పాఠంలో.

మచ్చ లేకపోయినా అంకె పెరిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. కామెర్లతో ఏఎల్‌టీ వందల్లో ఉన్నప్పుడు వాపు వల్లే లివర్ గట్టిగా తగులుతుంది. గుండె సరిగా పంపు చేయక రక్తం వెనక్కి నిలిచిపోయినా, పిత్తనాళం మూసుకుపోయినా అంతే. వారాలుగా బాగా తాగుతున్నవాళ్లకి 20 వచ్చి, మానేసిన కొన్ని వారాలకి చాలా తగ్గడం కూడా ఉంది. అలాంటప్పుడు స్టేజీ రాయకుండా, కారణం సర్దుకున్నాక మళ్లీ తీయాలి. పొట్టలో నీరు చేరితే ఈ మెషీన్‌తో కొలత సరిగా రాదు, అల నీళ్లలో ముందుకు పోదు.

ఇప్పుడు CAP. ఇది కొవ్వు అంకె, 100 నుంచి 400 దాకా ఉంటుంది, కొవ్వు ఎక్కువైతే అల్ట్రాసౌండ్ త్వరగా బలహీనపడుతుంది, ఆ బలహీనపడే రేటే ఇది. కొవ్వుని S0 నుంచి S3 దాకా గ్రేడు చేస్తారు. ఇక్కడ తమాషా చూడండి. 2017లో చాలా అధ్యయనాల సమాచారం కలిపి చేసిన విశ్లేషణలో S1కి 248, S2కి 268, S3కి 280 గీతలు. ముందు చెప్పిన 2019 అధ్యయనంలో 302, 331, 337. మన మనిషి 312ని మొదటి చార్టులో చూస్తే S3, అంటే అన్నిటికంటే పై గ్రేడు. రెండో చార్టులో S1, అంటే కొవ్వు ఉందని చెప్పే గ్రేడుల్లో అన్నిటికంటే కిందిది! అందుకే CAP గ్రేడు చూసి భయపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, 275 దాటితే కొవ్వు ఉందని నమ్మండి, గ్రేడు మీద పందెం కాయకండి. బరువు, షుగర్ ఉన్నవాళ్లకి ఈ అంకె ఎలాగూ కాస్త పైకే వస్తుంది.

ఇంకో సంగతి, CAP ఎక్కువైతే మచ్చ ఎక్కువని కాదు. CAP 350, గట్టిదనం 5 ఉన్నవాళ్లూ ఉంటారు, CAP 230, గట్టిదనం 22 ఉన్నవాళ్లూ ఉంటారు. సిరోసిస్ ముదిరినకొద్దీ కొవ్వు తగ్గిపోవడం తెలిసిన విషయమే, అలాంటి మనిషికి CAP తగ్గిందని స్వీట్లు పంచితే ఎలా?

సంవత్సరం తర్వాత మళ్లీ తీసినప్పుడు 8.6 కాస్తా 7.9 అయితే బాగుపడినట్టా? కాదు, అంత చిన్న తేడా కొలత ఊగిసలాటలోనే పోతుంది. అదే మెషీన్, అదే ప్రోబ్, పరగడుపున తీసి 6.0 వస్తే అప్పుడు మాట్లాడదాం. మామూలు అల్ట్రాసౌండ్ మెషీన్‌లో చేసిన ఎలాస్టోగ్రఫీ అంకెని ఫైబ్రోస్కాన్ అంకె పక్కన పెట్టి పోల్చకండి, వాటి గీతలు వేరు. అందులో కొన్ని m/s లోనే రాస్తాయి, మనం 3తో గుణించి kPa చేసినా చార్టు మాత్రం ఫైబ్రోస్కాన్‌ది పనికిరాదు.

ఇంటిపని. 46 ఏళ్ల ఆవిడ, థైరాయిడ్ ఉంది, మందు అలవాటు లేదు, బి, సి నెగటివ్, పరగడుపున తీసిన స్కాన్.

```
E (Median): 6.1 kPa     IQR: 2.1
CAP: 345 dB/m           Probe: M    Valid: 10
```

IQR/Med కాగితం మీద లేదు, మీరే కట్టండి. అది 30 దాటినా ఇక్కడ ఎందుకు పెద్దగా కంగారుపడక్కర్లేదో, ఆవిడకి మచ్చ గురించి, కొవ్వు గురించి విడివిడిగా ఏం చెప్తారో ఒక్కో వాక్యం రాసి పెట్టుకోండి. జవాబు ఐదో పాఠం మొదట్లో ఉంటుంది, ఆ పాఠం మందు తాగేవాళ్ల రిపోర్టుల గురించి.